డీజే లైట్ల వీడియో పెట్టేముందు: మెరుపులు లెక్కపెట్టే పద్ధతి, సరిచేసే పద్ధతి

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర చిన్న గదిలో పెళ్ళిళ్ళు, పండగల వీడియోలు ఎడిటింగ్ చేస్తాను. రెండేళ్ళ క్రితం ఒక ఊరి అమ్మవారి పండగ రీల్ తయారుచేసి, పెట్టేముందు మా అక్కయ్య కూతురికి చూపించాను. తొమ్మిదో తరగతి చదివే పిల్ల. పది సెకన్లు దాటాయో లేదో, "మావయ్యా, ఏటిది, కళ్ళు లాగేస్తన్నాయి" అని మొహం తిప్పేసుకుంది. చేతిలో గ్లాసు రెండుసార్లు అదిరి కిందపడింది. తరవాత విశాఖలో ఈఈజీ తీయించారు. ఆ పరీక్షలో కళ్ళముందు లైటు రకరకాల వేగాలతో వెలిగించి ఆర్పుతూ మెదడు ఎలా స్పందిస్తుందో చూస్తారు. మెరుపులకు స్పందించే మూర్ఛ ఉందని అప్పుడే తెలిసింది. అంతకుముందు పొద్దున్నపూట ఆ పిల్ల చేతిలోంచి దువ్వెనలూ చెంచాలూ జారిపోతుంటే పరధ్యానం అనుకున్నాం.

ఆ రీల్‌ని అప్పటికే మూడుసార్లు చూసి బాగుందనుకున్నవాణ్ణి నేనే. మెరుపు ప్రమాదమో కాదో కంటితో చూసి చెప్పలేమని ఆరోజు అర్థమైంది. మన కళ్ళకు ఏమీ కాలేదంటే మనకు ఆ లక్షణం లేదని మాత్రమే అర్థం. అందుకే లెక్కపెట్టాలి. ఎలా లెక్కపెట్టాలో, తేడా దొరికితే ఎలా సరిచేయాలో ఆ రీల్‌నే ఉదాహరణగా తీసుకుని చెబుతాను.

ఏది మెరుపు, ఎన్ని దాటితే ప్రమాదం

మూర్ఛ ఉన్న ప్రతి 100 మందిలో సుమారు ముగ్గురికి మెరుపులు పడవు. పిల్లల్లో, ఎదిగే వయసువాళ్ళలో ఇది ఎక్కువ. తొలిసారి ఫిట్స్ వచ్చేదాకా తమకు ఉందని తెలియనివాళ్ళూ ఉంటారు. 1997 డిసెంబర్ 16న జపాన్ టీవీలో ఒక పిల్లల కార్టూన్‌లో ఎరుపు, నీలం రంగులు సెకనుకు 12 సార్లు చొప్పున కొద్ది సెకన్లపాటు మారాయి. ఆ రాత్రి 685 మందిని ఆసుపత్రులకు తీసుకెళ్ళారు. వాళ్ళలో చాలామందికి అంతకుముందు ఫిట్స్ వచ్చిన చరిత్ర లేదు. సెకనుకు 3 నుంచి 30 మెరుపుల మధ్య ఎక్కడైనా ప్రమాదం ఉంటుంది. అన్నిటికంటే చెడ్డది 15 నుంచి 25 మధ్య.

తెర ఒకసారి వెలిగి మళ్ళీ చీకటైతే, లేదా చీకటై మళ్ళీ వెలిగితే, ఆ జత కలిపి ఒక మెరుపు. ఒక్కసారి వెలిగి అలాగే ఉండిపోతే అది మెరుపు కాదు. ఏ ఒక్క సెకనులోనూ మూడుకు మించి మెరుపులు ఉండకూడదన్నది వెబ్ ప్రమాణాల్లోనూ, టీవీ ప్రసారాల ప్రమాణాల్లోనూ ఉన్న ప్రధాన నియమం. ఇక్కడ చాలామంది పొరబడేది సెకను దగ్గరే. టైమ్‌లైన్ మీద 12 నుంచి 13 వరకు రెండు, 13 నుంచి 14 వరకు రెండు ఉన్నాయి కాబట్టి సరిపోయిందనుకుంటారు. ఆ నాలుగూ 12.6కీ 13.4కీ మధ్య ఉంటే నియమం తప్పినట్టే. సెకనుకు 25 ఫ్రేముల వీడియోలో ఎక్కడ మొదలుపెట్టినా, వరసగా 25 ఫ్రేములు తీసుకుంటే అందులో మూడుకు మించకూడదు.

వెలుగులో తేడా ఎంత ఉంటే లెక్కలోకి వస్తుంది, తెరలో ఎంత భాగం మెరిస్తే వస్తుంది అని ప్రమాణాల్లో ఇంకా కొలతలున్నాయి. తెర ఇవ్వగల గరిష్ఠ వెలుగులో పదోవంతు, అంతకుమించి తేడా ఉంటే మెరుపు కిందే లెక్క. టీవీ ప్రమాణాల్లో తెరలో పావు వంతు దాటి మెరిస్తే ప్రమాదం. నేను మాత్రం విస్తీర్ణం లెక్కల జోలికి పోను. ఆ రీల్‌ని ఒకరు అరచేతి ఫోనులో చూస్తారు, ఇంకొకరు గుడి ముందు కట్టిన ఎల్ఈడీ తెర మీద వేస్తారు. అందుకని మెరుపు చిన్నదైనా పెద్దదైనా సెకనుకు మూడే అనుకుంటాను. వెబ్ ప్రమాణాల్లో అన్నిటికంటే కఠినమైన స్థాయి చెప్పేదీ ఇదే.

ఎరుపుది వేరే లెక్క. ముదురు ఎరుపు వెలిగి ఆరుతుంటే, వెలుగులో తేడా తక్కువున్నా ప్రమాదమే. మన పండగల్లో డీజే బండికి ఎర్ర లైట్లే ఎక్కువ కాబట్టి దీన్ని విడిగా చూడాలి.

కెమెరాలోనే పుట్టే మెరుపు

అక్కడ మనం చూసిన లైటు, కెమెరా పట్టిన లైటు ఒకటి కావు. మన ఊళ్ళలో కరెంటు 50 హెర్ట్జ్. దాని మీద నడిచే నాసిరకం ఎల్ఈడీ బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. అది మన కంటికి కనపడదు. కానీ ఫోనును సెకనుకు 30 ఫ్రేముల మీద ఉంచి, షట్టర్ వేగం బాగా పెంచి తీస్తే, ఆ 100 కాస్తా సెకనుకు 10 మినుకులుగా వీడియోలో తేలుతుంది. 30 మూడుసార్లు 90, మిగిలిన 10 మనకు కనిపిస్తుంది. పందిట్లో ఎవరికీ కనిపించని మినుకు మన వీడియోలో ప్రమాదకరమైన వేగానికి వచ్చి కూర్చుంటుంది.

దీనికి మందు తీసేటప్పుడే ఉంది. 25 ఫ్రేములు పెట్టుకుని, షట్టర్ 1/50 దగ్గర ఉంచండి. 30 ఫ్రేములే కావాలంటే షట్టర్ 1/50 గానీ 1/100 గానీ పెట్టండి. అప్పుడు ప్రతి ఫ్రేములోనూ పూర్తి మినుకులు పడతాయి కాబట్టి తేడా రాదు. డీజే స్ట్రోబ్ లైటుకు మాత్రం ఇది పనిచేయదు. అది కావాలనే మెరుస్తుంది. లైటింగ్ కుర్రాణ్ణి ముందే పిలిచి, "తమ్ముడూ, స్ట్రోబ్ స్పీడు బాగా తగ్గించు, అమ్మవారి బండి ముందు పిల్లలుంటారు" అని చెబితే చాలామంది వింటారు. వీడియో బాగా రావడం కోసం అని కూడా కలిపితే తప్పకుండా వింటారు.

మొదట చూడటం

ఎడిటింగ్ అయ్యాక గదిలో లైటు వేసి, వీడియోను చిన్న కిటికీలో పెట్టి, శబ్దం ఆపి ఒకసారి నడపండి. శబ్దం ఉంటే దరువుకు తగ్గట్టు మెరుపు సహజంగానే అనిపిస్తుంది. అది లేకపోతే మెరుపులు బయటపడతాయి. అనుమానం వచ్చిన చోట టైమ్ రాసుకోండి, అక్కడే మళ్ళీ మళ్ళీ నడిపి చూడకండి. మీకు గానీ ఇంట్లో ఎవరికైనా గానీ ఫిట్స్ ఉంటే ఈ పని వేరేవాళ్ళకు అప్పగించి, మీరు కింద చెప్పబోయే అంకెలతోనే చూసుకోండి.

తరవాత రాసుకున్న ప్రతి చోటికీ వెళ్ళి, బాణం మీటతో ఒక్కొక్క ఫ్రేమే జరపండి. వెలుగు, చీకటి, వెలుగు, చీకటి అని కాగితం మీద గీతలు పెట్టండి. ఒక సెకను మేరకు గీస్తే చాలు, సంగతి తెలిసిపోతుంది. రీల్‌లో నాకు అనుమానం వచ్చినవి మూడు: 12వ సెకను దగ్గర స్ట్రోబ్, 27 దగ్గర నేనే పెట్టిన తెల్ల ఫ్రేములు, 34 దగ్గర ఎర్ర లైటు.

తరవాత అంకెలతో చూడటం

కంటికి తప్పినవి పట్టుకోవడానికి ఉచితంగా దొరికే ఎఫ్ఎఫ్‌ఎంపెగ్ అనే ప్రోగ్రామ్ చాలు. ఫైలు ఉన్న ఫోల్డరులోనే కమాండ్ తెరిచి ఇది నడిపితే, ప్రతి ఫ్రేము టైమూ దాని సగటు వెలుగూ వరసగా వస్తాయి.

```
ffprobe -v error -f lavfi -i "movie=reel.mp4,signalstats" -show_entries frame=pts_time:frame_tags=lavfi.signalstats.YAVG -of csv=p=0
```

నా రీల్‌లో 12వ సెకను దగ్గర వచ్చినవి ఇవి.

```
12.000000,38.4
12.040000,147.9
12.080000,39.1
12.120000,149.2
```

ఒక ఫ్రేము చీకటి, తరవాతి ఫ్రేము వెలుగు. రెండు ఫ్రేములకు ఒక మెరుపు చొప్పున, 25 ఫ్రేముల్లో సుమారు 12 మెరుపులు. ఉండాల్సింది మూడు. అలా మూడు సెకన్లు సాగింది.

ఇక తేడా ఎంతో చూద్దాం. ఈ అంకెలు 16 దగ్గర నలుపు, 235 దగ్గర తెలుపు. కానీ ఇవి నేరుగా వెలుగు కావు. వెలుగు కావాలంటే 16 తీసేసి, 219తో భాగించి, వచ్చినదాన్ని 2.2 ఘాతానికి పెంచాలి. అలా చేస్తే 38.4 అంటే గరిష్ఠ వెలుగులో 1 శాతం కూడా లేదు. 147.9 అంటే సుమారు 33 శాతం. తేడా 32 శాతం. పదోవంతు దాటితేనే మెరుపు అనుకుంటే, ఇది దానికి మూడింతలు. సగటు మీద వేసిన లెక్క కాబట్టి ఇది ఉజ్జాయింపే, కానీ ఇంత తేడాలో ఉజ్జాయింపు చాలు.

ఈ ఘాతం వల్ల ఒక మెలిక ఉంది. చీకట్లో అంకె 70 పెరిగినా వెలుగు అంతగా మారదు. బాగా వెలుగున్న చోట 12 పెరిగితేనే పదోవంతు తేడా వచ్చేస్తుంది. అందుకని వెలుగున్న సన్నివేశంలో 12కు మించి ఎగుడుదిగుడులు కనిపిస్తే ఆగి చూడండి.

ఇంకా ముఖ్యమైన సంగతి, సగటు అబద్ధం చెప్పగలదు. తెరలో ఒక మూలే మెరుస్తుంటే మిగతా మూడొంతులు దాన్ని కప్పేస్తాయి. ఎడమవైపు మెరిసి ఆరగానే కుడివైపు మెరిస్తే సగటు కదలనే కదలదు. అనుమానం ఉన్న చోట తెరను నాలుగు ముక్కలు చేసి ఒక్కొక్క దాన్నీ చూడాలి. పై కమాండులో `signalstats` ముందు ఈ ముక్క చేర్చితే ఎడమవైపు పై పావు మాత్రమే లెక్కకు వస్తుంది.

```
crop=iw/2:ih/2:0:0,
```

చివరి రెండు సున్నాల చోట మొదటిదానికి `iw/2` పెడితే కుడివైపు, రెండోదానికి `ih/2` పెడితే కిందివైపు వస్తాయి.

ఎరుపును మాత్రం ఈ పద్ధతి పట్టుకోలేదు. అది వెలుగునే కొలుస్తుంది, రంగును కాదు. 34వ సెకను దగ్గర నా అంకెలు 60 నుంచి 80 మధ్యే తిరిగాయి, పైకి ఏ తప్పూ లేనట్టే ఉంది. ఫ్రేము ఫ్రేము జరిపితే తెరంతా ఎర్రబడటం, ఆ ఎరుపు ఆరి మసకబారడం సెకనుకు ఐదుసార్లు జరుగుతోంది. ఎరుపునూ కలిపి చూడాలంటే విడి పనిముట్లు ఉన్నాయి. అమెరికాలోని ట్రేస్ సెంటర్ ఉచితంగా ఇచ్చే పీట్ ఒకటి. ఈఏ అనే ఆటల కంపెనీ 2023లో అందరికీ వదిలిన ఐరిస్ ఇంకొకటి. పీట్‌ను వెబ్‌లో పెట్టే వీడియోలకే వాడాలి, టీవీ చానెల్‌కో సినిమాకో ఇచ్చేవాటికి కాదు. దేన్ని వాడినా, అది బాగుందన్న చోట కూడా ఎర్ర లైటు ఉంటే నా కంటితో ఒకసారి ఫ్రేములు జరుపుకుంటాను.

చారలు కూడా లెక్కలోకి వస్తాయి. తెర నిండా నలుపు తెలుపు చారలు ఐదు జతలకు మించి ఉండి, అవి అటూఇటూ ఊగుతూనో తారుమారవుతూనో ఉంటే మెరుపులాగే పనిచేస్తాయి. ఎల్ఈడీ తెరను దగ్గరగా తీసినప్పుడు పడే అలల్లాంటి గీతలను ఇందుకే వదిలేస్తాను.

సరిచేయడం

మూడు చోట్లా మూడు రకాలుగా చేశాను.

27వ సెకను దగ్గరిది అన్నిటికంటే సులువు. డప్పు దరువుకు తగ్గట్టు సెకనులో ఆరు తెల్ల ఫ్రేములు నేనే పెట్టాను. నాలుగు తీసేసి, రెండు ఉంచాను. దరువు తెలియడానికి రెండు చాలు. తెల్ల ఫ్రేముకు బదులు బొమ్మను కొద్దిగా పెద్దది చేసి వెనక్కి తగ్గించినా దరువు పడుతుంది, మెరుపు ఉండదు. వేగంగా కట్ చేసిన చోట్లా ఇదే జాగ్రత్త కావాలి. చీకటి షాట్, పగటి షాట్ రెండేసి ఫ్రేములు మార్చిమార్చి పెడితే, అందులో లైటు ఒక్కటీ లేకపోయినా అదీ మెరుపే.

12వ సెకను స్ట్రోబ్‌ను తీసేయలేకపోయాను. తప్పెటగుళ్ళ బృందం ఎగిరి తిరిగే అసలు ఘట్టం అక్కడే ఉంది. ఆ మూడు సెకన్లు విడిగా తీసి, పక్కపక్క ఫ్రేములను కలిపి సగటు చేశాను.

```
ffmpeg -i strobe.mp4 -vf "tmix=frames=4" -an strobe_fix.mp4
```

ఇక్కడ 4 ఎందుకంటే, మెరుపు రెండు ఫ్రేములకు ఒకసారి తిరుగుతోంది. నాలుగు ఫ్రేములు కలిపితే ప్రతిసారీ రెండు వెలుగువి, రెండు చీకటివి పడి తేడా పూర్తిగా చెల్లిపోతుంది. 5 పెడితే ఒకసారి మూడు వెలుగులు, ఇంకోసారి మూడు చీకట్లు పడి, తగ్గినా మినుకు మిగిలే ఉంటుంది. మెరుపు మూడు ఫ్రేములకు ఒకసారి అయితే 3 గానీ 6 గానీ పెట్టాలి. అందుకే ముందు కాగితం మీద గీతలు పెట్టమన్నాను.

చేశాక మళ్ళీ కొలిస్తే అంకె 93 దగ్గర కదలకుండా నిలిచింది. ఎగిరే కాళ్ళ వెనక కొద్దిగా నీడలు వచ్చాయి. ఆ ఘట్టానికి అవి నప్పాయి. నప్పకపోతే ఒక మంచి ఫ్రేమును ఆపి ఉంచడమో, వేరే షాటు వేయడమో చేసేవాణ్ణి. నెమ్మది చేయడం కూడా దారే. సెకనుకు 12 మెరుపులున్నదాన్ని నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే సెకనుకు మూడే అవుతాయి. కానీ అది హద్దు మీదే ఉంటుంది. నేనైతే ఐదో వంతుకు తగ్గిస్తాను.

34వ సెకను ఎరుపుకు సగటు చేయడం ఒక్కటే చాలదు. ముందు ఆ షాట్‌లో రంగు గాఢత సగానికి తగ్గించి, ఎరుపును పసుపువైపు, కుంకుమపువ్వు ఛాయకు జరిపాను. తరవాత పక్కపక్క ఫ్రేములు కలిపాను. ఎంత తగ్గించినా మెరుపు సెకనుకు ఐదు ఉంటే, రంగు మారింది కదా అని వదలకూడదు.

పెట్టేముందు చివరి చూపు

టైమ్‌లైన్‌ను కాదు, ఎక్స్‌పోర్ట్ అయి వచ్చిన ఫైలునే మళ్ళీ కొలవాలి. ఫ్రేముల వేగం మారితే లెక్కా మారిపోతుంది. రీల్ అయితే ఇంకో సంగతి ఉంది. అది అయిపోగానే మొదటి నుంచి తిరుగుతుంది. నా రీల్ చివరి అర సెకనులో రెండు మెరుపులు, మొదటి అర సెకనులో రెండు మెరుపులు ఉండేవి. విడివిడిగా చూస్తే తప్పులేదు. తిరిగేసరికి నాలుగూ ఒకే సెకనులో పడతాయి. ఫైలును రెండుసార్లు వరసగా అతికించి, ఆ అతుకు దగ్గర కొలిస్తే ఇది దొరుకుతుంది.

"మెరుపులున్నాయి, జాగ్రత్త" అని ముందు ఒక కార్డు పెడితే చాలదా అని అడుగుతుంటారు. రీల్స్ వేలు జరపగానే వాటంతటవే మొదలవుతాయి. కార్డు చదివేలోపే మెరుపు వచ్చేస్తుంది. తనకు ఈ లక్షణం ఉందని తెలియనివాళ్ళకు ఆ కార్డు వల్ల ఉపయోగమే లేదు. మెరుపు తగ్గించాక కూడా ఇంకా కాస్త మిగిలిందనిపిస్తే కార్డు పెట్టండి, వివరణలో ఏ నిమిషం దగ్గర ఉందో రాయండి. తగ్గించకుండా కార్డుతో సరిపెట్టవద్దు.

చూసేవాళ్ళకు

ఈ లక్షణం ఉన్నవాళ్ళు చీకటి గదిలో తెర చూడకుండా, లైటు వేసుకుని, వెలుగు తగ్గించుకుని, దూరంగా కూర్చుంటే ప్రమాదం తగ్గుతుంది. నిద్ర చాలని రోజున ఎక్కువ జాగ్రత్తగా ఉండాలి. పండగ రాత్రి మెలకువ ఉన్న పిల్లలకు ఇది బాగా వర్తిస్తుంది. ఐఫోనులో మెరిసే లైట్లను మసకబరిచే సెట్టింగ్ `Dim Flashing Lights` పేరుతో ఉంది. ఎదురుగా హఠాత్తుగా మెరుపులు మొదలైతే ఒక కంటిని అరచేత్తో పూర్తిగా మూసుకుని, మొహం పక్కకు తిప్పేయాలి. రెండు కళ్ళూ గట్టిగా మూసుకుంటే సరిపోదు. వెలుగు రెప్పల్లోంచి పోతుంది. మా మేనకోడలు ఇప్పుడు డీజే బండి వస్తుంటే ఎడమ కన్ను మూసుకుని గోడవైపు తిరుగుతుంది. ముందు స్నేహితులు నవ్వేవారు. ఇప్పుడు వాళ్ళే దారి ఇస్తున్నారు.

ఎవరికైనా ఫిట్స్ వస్తే ముందు ఆ తెరను ఆపండి, లేదా లైటును. చుట్టూ ఉన్న గట్టి వస్తువులు తీసేసి, తల కింద మెత్తటి గుడ్డ పెట్టండి. కొట్టుకోవడం ఆగాక పక్కకు తిప్పి పడుకోబెట్టండి. చేతిలో తాళాలగుత్తి పెట్టడం మన ఊళ్ళలో ఇంకా చేస్తుంటారు. దానివల్ల ఏమీ ఆగదు, వేళ్ళకు గాయమవుతుంది. నోట్లో చెంచా, గుడ్డ, నీళ్ళు ఏవీ పెట్టకూడదు. మొదలైనప్పుడు గడియారం చూసుకోండి. ఐదు నిమిషాలు దాటినా, ఆగి వెంటనే మళ్ళీ వచ్చినా, ఇదే మొదటిసారి అయినా 108కి ఫోన్ చేయండి. వచ్చినవాళ్ళకు ఆ సమయంలో తెర మీద ఏం నడుస్తోందో కూడా చెప్పండి. కారణం మెరుపు అని డాక్టరుకు తెలిస్తే ఏ పరీక్ష చేయించాలో త్వరగా తేలుతుంది.